అమ్మానాన్నల అమెరికా టికెట్: ఫేర్ అలర్ట్ ఎలా పెట్టాలి, ఎప్పుడు కొనేయాలి

నా డెలివరీ సెప్టెంబర్ చివరి వారంలో అన్నారు. అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి డాలస్ రావాలి. వీసా స్టాంపింగ్ అప్పటికే అయిపోయింది కాబట్టి మిగిలింది టికెట్ ఒక్కటే. మే నెలలో మొదటిసారి చూసినప్పుడు ఆగస్టు 24న బయలుదేరితే మనిషికి రానుపోను లక్షా నలభై ఎనిమిది వేలు చూపించింది. చివరికి జూన్ నెలాఖరులో లక్షా పంతొమ్మిదిన్నర వేలకు కొన్నాం. ఇద్దరికీ కలిపి యాభై ఏడు వేల తేడా. ఇందులో చాలా భాగం తేదీ మార్చుకోవడం వల్ల వచ్చింది. ధర మారితే మెయిల్ పంపే అలర్ట్ వల్ల వచ్చింది కొంచెమే. ఆ కొంచెం కోసం ఎదురుచూస్తూ ఉన్నది పోగొట్టుకోకుండా ఉండటమే కష్టమైన పని. అందుకే నేను చేసినది చేసిన వరుసలోనే రాస్తున్నాను. ఇందులోని ధరలు ఆ ఒక్క ప్రయాణానివి. మీరు వెతికేటప్పుడు అంకెలు మారతాయి కానీ పద్ధతి ఇదే.

మొదటి మెట్టు: ఏది కదలదో రాసుకోండి

వెతకడం మొదలుపెట్టే ముందు కాగితం మీద రెండు తేదీలు రాసుకోండి. అన్నిటికన్నా ముందుగా ఎప్పుడు బయలుదేరవచ్చు, ఎప్పటి తర్వాత కుదరదు అని. మాకు ఆగస్టు 20 నుంచి సెప్టెంబర్ 14 దాకా వీలు. కాన్పు ముందుగానే అయ్యే అవకాశం ఉంది కాబట్టి అంతకు మించి జరపలేం. తిరుగు ప్రయాణానికి ఇంకొక హద్దు ఉంది. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు దిగినప్పుడు సాధారణంగా ఆరు నెలలు ఉండటానికి అనుమతి ఇస్తారు. సెప్టెంబర్ 10 ప్రాంతంలో దిగితే మార్చి మొదటి వారం దాటకుండా టికెట్ ఉండాలి. కాబట్టి ఫిబ్రవరి 10 నుంచి మార్చి 5 దాకా ఏ రోజైనా సరే అనుకున్నాం.

తర్వాత, ఎంత చవకైనా ఒప్పుకోనివి రాసుకోండి. మావి మూడు: ఒక్క స్టాప్ మించకూడదు, మధ్యలో ఆగే సమయం రెండు గంటలకు తగ్గకూడదు, మొత్తం ఒకే టికెట్ కావాలి. ఈ మూడోది చాలామంది పట్టించుకోరు. కొన్ని సైట్లు రెండు వేర్వేరు విమాన సంస్థల టికెట్లను అతికించి ఒకటే ప్రయాణంలా చూపిస్తాయి. ధర పక్కన చిన్న అక్షరాలతో self transfer అనో separate tickets అనో ఉంటుంది. అలాంటిదైతే మధ్యలో సామాను తీసుకుని మళ్లీ చెక్ఇన్ చేయాలి. ఆ దేశంలోకి అడుగుపెట్టడానికి వీసా కూడా అవసరం కావచ్చు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే రెండో సంస్థకు బాధ్యత లేదు. ఇంగ్లీషు అంతగా రాని అరవై ఐదేళ్ల మనుషులను ఆ పరిస్థితిలో పెట్టడానికి పది వేల ఆదా సరిపోదు.

వీసా ఇంకా చేతికి రాకపోతే అలర్ట్ పెట్టుకోండి, డబ్బు వెనక్కి రాని టికెట్ మాత్రం కొనకండి.

రెండో మెట్టు: తేదీల పట్టికను చదవడం

నేను ఎక్కువగా వాడింది గూగుల్ ఫ్లైట్స్. HYD నుంచి DFW అని, ఇద్దరు పెద్దలు అని, స్టాప్‌లు ఒకటి లేదా తక్కువ అని ఎంచుకోవాలి. ఇద్దరికీ కలిపి మొత్తం చూపిస్తోందా, ఒక్కరి ధర చూపిస్తోందా అన్నది ముందే గమనించండి. కొన్ని సైట్లు మొత్తం వేస్తాయి, కొన్ని మనిషికి ఇంత అని వేస్తాయి. రెండు సైట్లు పోల్చేటప్పుడు చాలామంది ఇక్కడే పొరబడతారు.

ఫలితాలు వచ్చాక Date grid, Price graph అని రెండు కనిపిస్తాయి. మొదట Price graph తెరవండి. ప్రయాణం ఎన్ని రోజులో అలాగే ఉంచి, బయలుదేరే తేదీ ముందుకీ వెనక్కీ జరిగితే ధర ఎలా మారుతుందో నిలువు గీతల్లో చూపిస్తుంది. ఇంత సుదీర్ఘమైన ప్రయాణానికి రోజుల సంఖ్య పెట్టడం కుదరకపోతే తేదీలు ఎంచుకునే క్యాలెండర్‌లోనే ఒక్కో తేదీ కింద ధర కనిపిస్తుంది, అది చాలు. స్కైస్కానర్‌లో అయితే తేదీ బదులు నెల మొత్తాన్ని ఎంచుకోవచ్చు. ఎక్కడ చూసినా మీరు వెతకాల్సింది అన్నిటికన్నా చిన్న అంకె కాదు, ధర ఏ తేదీ దగ్గర మెట్టు దిగుతోంది అన్నది.

మాకు వచ్చిన చిత్రం ఇది. ఆగస్టు చివరి పది రోజులూ దాదాపు లక్షా నలభై ఎనిమిది వేల దగ్గరే ఉంది. సెప్టెంబర్ మొదటి వారం లక్షా ముప్ఫై ఆరు. సెప్టెంబర్ 8 నుంచి లక్షా ఇరవై ఒకటి, అక్కడి నుంచి 14 దాకా పెద్దగా కదల్లేదు. ఇలా మెట్లుగా రావడానికి కారణం ఉంది. విమాన సంస్థలు ఏడాదిని రద్దీ కాలం, మధ్యస్థం, ఖాళీ కాలం అని విడగొట్టి, బయలుదేరే తేదీని బట్టి వేర్వేరు ధరలు పెడతాయి. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లే విమానాలకు ఆగస్టు చాలా రద్దీ, మన పిల్లలు యూనివర్సిటీల్లో చేరడానికి వెళ్లేది అప్పుడే. వాళ్లంతా వెళ్లిపోయాక ధర మెట్టు దిగుతుంది.

మెట్టు కనిపించిందంటే ఆ చవక నిలకడగా ఉండేదని అర్థం. అలా కాకుండా చుట్టూ లక్షా నలభై ఎనిమిది ఉండి మధ్యలో ఒక్క తేదీకి మాత్రం లక్షా ముప్ఫై కనిపిస్తే అది వేరే సంగతి. ఆ రోజు విమానంలో తక్కువ ధర సీట్లు ఒకటో రెండో మిగిలి ఉండవచ్చు, లేదా పాత ధర ఇంకా తెర మీద ఉండిపోయి ఉండవచ్చు. పట్టికలోని అంకెలు ఎప్పటికప్పుడు కొత్తగా లెక్కించినవి కావు. ఆ గడి మీద నొక్కి, విమానాన్ని ఎంచుకుని, విమాన సంస్థ సైట్‌లో డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లి చూస్తేనే అది నిజమో కాదో తెలుస్తుంది.

ఆ తర్వాత Date grid తెరవండి. ఇందులో వెళ్లే తేదీలు ఒకవైపు, తిరిగి వచ్చే తేదీలు ఇంకోవైపు ఉంటాయి. మాకు ఫిబ్రవరిలో ఏ తేదీకి తిరిగి వెళ్లినా పెద్ద తేడా రాలేదు, ఎందుకంటే అమెరికా నుంచి ఇండియాకు అది ఖాళీ కాలం. డిసెంబర్ మధ్యలో తిరుగు ప్రయాణం పెట్టి చూస్తే మాత్రం అమాంతం పెరిగింది. తిరుగు తేదీ గురించి అంతగా ఆలోచించనక్కర్లేదని తేలిపోయాక నా దృష్టంతా వెళ్లే తేదీ మీదే పెట్టాను.

విమానాశ్రయాన్ని కూడా మార్చి చూడండి. హ్యూస్టన్‌లో దిగితే మా ఇంటికి నాలుగు గంటల డ్రైవ్. మనిషికి ఐదు వేలు తక్కువ వచ్చింది కానీ ఇరవై గంటలు దాటిన ప్రయాణం తర్వాత అమ్మను ఇంకో నాలుగు గంటలు కారులో కూర్చోబెట్టడం నాకు నచ్చలేదు, వదిలేశాం.

సామాను లెక్క ఇక్కడే చూసుకోవాలి. ఒకే విమానంలో ఎకానమీలోనే రెండు మూడు రకాల ధరలుంటాయి. అన్నిటికన్నా తక్కువ దానిలో ఒక పెట్టే ఉండవచ్చు, దాని పైదానిలో 23 కిలోలవి రెండు ఉండవచ్చు. పచ్చళ్లు, పొడులు, బాలింతకు కావాల్సినవి, పాపాయి బట్టలు అన్నీ మోసుకొచ్చే అమ్మకు ఒక పెట్టె చాలదు. తర్వాత విడిగా కొంటే చవక టికెట్ ఖరీదైన టికెట్ అవుతుంది. అందుకే నేను పైన చెప్పిన ధరలన్నీ మనిషికి రెండు పెట్టెలున్నవి.

మూడో మెట్టు: అలర్ట్ తక్కువ పెట్టండి, సరిగ్గా పెట్టండి

Track prices అనే మీట నొక్కడం చాలా సులువు. దేని మీద నొక్కుతున్నాం అన్నదే ముఖ్యం. అక్కడ Any dates అని ఇంకొకటి కూడా ఉంటుంది. ఏ తేదీకి చవకైనా చెబుతుంది. ఊరికే ఎక్కడికో వెళ్లాలనుకునేవాళ్లకు అది మంచిది. మాలాగా హద్దులున్నవాళ్లకు అది అక్టోబర్ ధరలు పంపి ఆశ పెడుతుంది, అంతే.

నేను నాలుగు జతలకు పెట్టాను. సెప్టెంబర్ 8, 9, 10, 14 తేదీల్లో బయలుదేరి ఫిబ్రవరి 24న తిరిగి వెళ్లేవి. అన్నిటికీ ఇద్దరు ప్రయాణికులు, ఒక స్టాప్. ఫిల్టర్లు పెట్టాకే మీట నొక్కాలి. నొక్కాక, ట్రాక్ చేస్తున్నవాటి జాబితా తెరిచి అందులో తేదీలు, మనుషుల సంఖ్య, స్టాప్‌లు మీరు అనుకున్నట్టే ఉన్నాయో లేదో చూసుకోండి. ఒక్కరికని అలర్ట్ పెట్టి, ఇద్దరికి కొనబోయి ధర పెరిగిందని బాధపడేవాళ్లు చాలామంది. ఇంకో సైట్‌లో కూడా ఒక అలర్ట్ పెట్టాను, ఒక్కోసారి ఒకదానిలో కనిపించనిది ఇంకోదానిలో కనిపిస్తుంది. అంతకు మించి వద్దు. రోజుకు పది మెయిళ్లు వస్తే పదకొండోది తెరవం.

అలర్ట్ మెయిల్‌లో ఉండేది అది పంపిన క్షణంలోని ధర. రాత్రి వచ్చినది తెల్లారి చూస్తే లేకపోవచ్చు. పైగా చిన్న చిన్న మార్పులన్నిటికీ మెయిల్ రాదు. అందుకని నేను ఒక నోట్‌బుక్‌లో వారానికి మూడు రోజులు, ఆ నాలుగు తేదీల ధర రాసుకున్నాను. నాన్న రోజూ ఫోన్ చేసి “ఇవాళ ఎంతుందమ్మా?” అని అడిగేవారు కాబట్టి మర్చిపోయే ప్రసక్తే లేదు. ఐదు వారాల్లో సెప్టెంబర్ 10 తేదీకి ఇద్దరికీ కలిపి రెండు లక్షల నలభై రెండు, నలభై ఎనిమిది, నలభై ఒకటి, మళ్లీ నలభై నాలుగు వేలుగా తిరిగింది. ఇది రాసుకున్నాకే నాకు ఏది తక్కువో, ఏది మామూలో తెలిసింది. గూగుల్ కూడా ఈ ధర తక్కువ, మామూలు, ఎక్కువ అని చెబుతుంది. అది పాత ధరలతో పోల్చి చెప్పేది. రేపు ఏమవుతుందో దానివల్ల తెలియదు.

నాలుగో మెట్టు: తక్కువ ధరలో ఎన్ని సీట్లు మిగిలాయో పసిగట్టడం

దీన్ని నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. ముందే తెలిసి ఉంటే ఎంతో టెన్షన్ తగ్గేది.

ఒక విమానంలో ఎకానమీ సీట్లన్నీ ఒకేలా ఉన్నా, సంస్థ వాటిని అమ్మేటప్పుడు పది పన్నెండు ధరల అరలుగా విడగొడుతుంది. చవక అరలో ఇన్ని, దాని పైదానిలో ఇన్ని. కింది అర నిండితే పై అర ధర కనిపిస్తుంది. ఒకే బుకింగ్‌లో ఇద్దరికి అడిగితే సాధారణంగా ఇద్దరికీ చోటున్న అర ధరే ఇద్దరికీ వేస్తారు. కింది అరలో ఒక్క సీటే మిగిలి ఉంటే, ఒకరికి కింది ధర, ఇంకొకరికి పై ధర అని వేయరు. ఇద్దరికీ పై ధరే పడుతుంది.

అందుకే ధర చూసేటప్పుడు అదే విమానం, అవే తేదీలు పెట్టి, మనుషుల సంఖ్య మార్చి చూడండి. ఒకరికి, ఇద్దరికి, ముగ్గురికి, ఐదుగురికి, అలా తొమ్మిది దాకా. ప్రతిసారీ మొత్తాన్ని మనుషులతో భాగించండి. తొమ్మిది మందికి కూడా ఒకరి ధరే వస్తే చవక అరలో సీట్లు బాగానే ఉన్నాయి, కొన్నాళ్లు ఆగినా ప్రమాదం తక్కువ. ముగ్గురికి అడగ్గానే మనిషి ధర పెరిగితే మీకు కావాల్సిన ఇద్దరికి మాత్రమే చోటుందన్నమాట. పెరిగిన ఆ ధరే, రేపు ఆ సీట్లు పోతే మీరు కట్టాల్సినది. ఆగడం వల్ల ఎంత నష్టపోవచ్చో ఊహించక్కర్లేకుండా తెర మీదే కనిపిస్తుంది.

దీనికీ హద్దులున్నాయి. సంస్థ ఎప్పుడైనా కింది అరను మళ్లీ తెరవవచ్చు. ఏజెంట్లు డబ్బు కట్టకుండా పట్టి ఉంచిన సీట్లు గడువు తీరాక వెనక్కి వస్తాయి, అందుకే ఒక్కోసారి ధర ఒకపూట పెరిగి మళ్లీ దిగుతుంది. ఇలా పెరగడం చూసి, సైట్ మన వెతుకులాటను కనిపెట్టి ధర పెంచిందని చాలామంది అనుకుంటారు, బ్రౌజర్ మార్చి మార్చి చూస్తారు. చాలాసార్లు జరిగేది ఈ అరల మార్పే. “రెండే సీట్లున్నాయి” అని ఎర్ర అక్షరాలతో వచ్చే హెచ్చరిక మాత్రం ఆ అర గురించి కావచ్చు, ఆ సైట్‌కు కనిపించే లెక్క కావచ్చు. దాన్ని నమ్మి కంగారుపడకుండా ఈ పరీక్ష మీరే చేసుకోండి.

ఐదో మెట్టు: ఎప్పుడు ఆపాలి

అలర్ట్ పెట్టిన రెండు మూడు వారాల తర్వాత, నోట్‌బుక్‌లో కొన్ని అంకెలు పడ్డాక, రెండు విషయాలు రాసి ఇంట్లో అందరికీ చెప్పేయండి. మొదటిది, ఏ ధరకు వస్తే ఇంకేమీ ఆలోచించకుండా కొంటారో. మేం ఇద్దరికీ కలిపి రెండు లక్షల నలభై వేలు అనుకున్నాం. అప్పటిదాకా కనిపించిన అతి తక్కువ రెండు లక్షల నలభై ఒకటి, దానికి కొంచెం కింద. లక్షా ఎనభై వేలకు ఎవరికో వచ్చిందని విన్నాం కానీ మన తేదీలకు ఒక్కసారి కూడా కనిపించని ధరను లక్ష్యంగా పెట్టుకుంటే ఎప్పటికీ కొనలేం.

రెండోది, ధర ఎంతున్నా కొనేసే చివరి తేదీ. మాది జులై 15, ప్రయాణానికి ఎనిమిది వారాల ముందు. చాలా చవక ధరలకు ఇన్ని రోజుల ముందే కొనాలనే షరతు ఉంటుంది, 21 రోజులు, 14 రోజులు అలా. ఆ గడువులు దాటితే సీట్లు ఖాళీగా ఉన్నా ఆ ధర కనిపించదు. చివరి వారాల్లో కొనేది తప్పనిసరిగా వెళ్లాల్సినవాళ్లు అని సంస్థలకు తెలుసు, ధర తగ్గించాల్సిన అవసరం వాటికి ఉండదు. ఖాళీ సీట్లు ఆఖర్లో చవకగా అమ్మేస్తారన్న ఆశతో ఇంత దూరం ప్రయాణానికి ఆగకండి. ప్రయాణం ఆగస్టులోనో డిసెంబర్‌లోనో అయితే ఈ చివరి తేదీని ఇంకా ముందుకు తెచ్చుకోవాలి, మూడు నాలుగు నెలల ముందే.

జూన్ ఆఖరి వారంలో ఒక సాయంత్రం మెయిల్ వచ్చింది. సెప్టెంబర్ 10, ఇద్దరికీ కలిపి రెండు లక్షల ముప్ఫై తొమ్మిది వేలు. అనుకున్న ధర వచ్చేసింది. అయినా మా ఆయన, “తగ్గుతోంది కదా, ఇంకో వారం చూద్దామా?” అన్నారు. ఇద్దరం కూర్చుని లెక్క వేశాం.

ఒక్కరికి అడిగితే లక్షా పదహారు వేల నాలుగు వందలు. ఇద్దరికి అడిగితే మనిషికి లక్షా పంతొమ్మిదిన్నర వేలు. ముగ్గురికి అడిగితే మనిషికి లక్షా ఇరవై ఏడు వేలు. అంటే కింది అరలో ఒక్క సీటు, దాని పైదానిలో ఇద్దరికి సరిపోయేంతే. ఆగితే, మహా అయితే ఒక్కరి ధరే ఇద్దరికీ వచ్చి ఆరు వేలు మిగలవచ్చు. ఎవరో ఒకరు ఆ సీటు కొనేస్తే పదిహేను వేలు ఎక్కువ పడుతుంది. ఆరు వేల లాభం కోసం పదిహేను వేలు పణంగా పెట్టడం లాభసాటి కావాలంటే, ధర తగ్గే అవకాశం నూటికి డెబ్బై దాకా ఉందని గట్టిగా నమ్మాలి. ఐదు వారాల నోట్‌బుక్‌లో అలా నమ్మడానికి ఏమీ లేదు. ఆ రాత్రే కొనేశాం.

ఇద్దరికీ విడివిడిగా రెండు బుకింగులు చేస్తే మూడు వేలు మిగిలేవి, ఒకరికి కింది అర, ఇంకొకరికి పై అర పడి. స్నేహితులు కలిసి వెళ్లేటప్పుడు నేను అలాగే చేస్తాను. అమ్మానాన్నలకు చేయలేదు. విమానం తప్పిపోయి వేరే దానికి మార్చాల్సి వస్తే, విడి బుకింగుల్లో ఉన్నవాళ్లను వేర్వేరు విమానాల్లో వేసే ప్రమాదం ఉంటుంది. అమ్మ ఒక్కతే పరాయి ఎయిర్‌పోర్టులో ఉండకూడదు.

ఆరో మెట్టు: కొన్న తర్వాత

డబ్బు కట్టే ముందు పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం అక్షరం సరిచూసుకోండి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం ఒకే చోట రాసి ఉండటం మామూలే. అలాంటప్పుడు ఎలా నింపాలో ఒక్కో సంస్థ ఒక్కోలా చెబుతుంది. ఊహించి నింపకుండా వాళ్లకు ఫోన్ చేసి అడగండి.

అమెరికా వచ్చిపోయే విమానాలకు ఒక నియమం ఉంది. అమెరికా ప్రయాణికుల కోసం నడిపే తన సైట్‌లో విమాన సంస్థ నేరుగా అమ్మిన టికెట్‌ను, ప్రయాణానికి ఏడు రోజులు లేదా అంతకన్నా ముందు కొంటే, 24 గంటల్లోపు రద్దు చేసుకుని పూర్తి డబ్బు వెనక్కి తీసుకునే వీలు ఇవ్వాలి, లేదా డబ్బు కట్టకుండా 24 గంటలు ఆ ధరను పట్టి ఉంచాలి. ఏజెంట్లకూ బుకింగ్ సైట్లకూ ఈ బాధ్యత లేదు. కాబట్టి ధర ఒకటే అయితే సంస్థ సైట్‌లోనే కొనండి. వెయ్యి రెండు వేలు ఎక్కువైనా నేనైతే అక్కడే కొంటాను, తేదీ మార్చాల్సి వస్తే ఏజెంటును పట్టుకునే బాధ తప్పుతుంది. రూపాయల్లో ఉన్న ధరను అమెరికా కార్డుతో కడితే కొన్ని కార్డులు విదేశీ లావాదేవీ రుసుము వేస్తాయి, అది లేని కార్డు వాడండి.

మీ టికెట్‌కు ఆ రద్దు వీలు ఉంటే, కొన్నాక అలర్ట్‌ను ఆ 24 గంటలూ అలాగే ఉంచండి. ఈలోపు నిజంగా తగ్గితే, ముందు కొత్త ధరకు సీట్లున్నాయని డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లి చూసుకుని, కొత్తది కొన్నాకే పాతది రద్దు చేయాలి. ఒకే పేర్లతో రెండు బుకింగులుంటే కొన్ని సంస్థలు ఒకదాన్ని వాటంతటవే రద్దు చేస్తాయి, అందుకని రెండోది కొన్న వెంటనే మొదటిది తీసేయండి. మరునాటి సాయంత్రం మా నాలుగు తేదీల ధరలూ ఒకసారి చూశాను. 10వ తేదీకి మనిషికి లక్షా ఇరవై ఏడు వేలైంది. అలర్టులన్నీ తీసేసి, నాన్నకు ఫోన్ చేసి టికెట్ కాపీ వాట్సాప్‌లో పంపాను.